చేత్తో గీసిన గ్రాఫ్ ఫోటో చూసి చేస్తే పాయింట్లు, ఏరియా తేడా వస్తున్నాయా? సమస్య - పరిష్కారం

ఒకే బొమ్మ తీసుకుని చూద్దాం, ఎందుకంటే మామూలుగా వచ్చే తేడాలన్నీ దీన్లోనే దొరుకుతాయి. కాగితం మీద కుడివైపుకి తెరుచుకున్న పారాబోలా ఉంది, దాన్ని రెండు చోట్ల కోస్తూ ఒక లైన్ పోతోంది, రెండిటి మధ్య భాగం పెన్సిల్‌తో షేడ్ చేశారు. పక్కన y² = 4x, y = 2x − 4 అని రాసుంది. ఇంటర్‌సెక్షన్ పాయింట్లు, షేడ్ చేసిన ఏరియా కావాలి.

సమస్య: బొమ్మలో రెండు చోట్ల కలుస్తున్నాయి, లెక్కలో అసలు కలవట్లేదు

ఇది చూడగానే లెక్కలో తప్పు కోసం వెతుకుతారు గానీ చాలాసార్లు తప్పు చదవడంలోనే ఉంటుంది. ఫోటోలో మైనస్ గుర్తు పలచగా పడిందనుకోండి, లేదా దాని మీద ఇంకో గీత అడ్డం వచ్చిందనుకోండి, మీరు y = 2x + 4 అని చదివేస్తారు. దాన్ని పారాబోలాలో పెడితే x² + 3x + 4 = 0 వస్తుంది, డిస్క్రిమినెంట్ 9 − 16 = −7, అంటే కలిసే పాయింట్లే లేవు. కళ్ళ ముందు రెండు పాయింట్లు కనబడుతుంటే ఇలా వచ్చిందంటే ఈక్వేషన్ తప్పు చదివారనే అనుమానించాలి.

ఎలా తేల్చుకోవాలంటే లైన్ యాక్సిస్‌లని ఎక్కడ కోస్తోందో చూడండి. 2x − 4 అయితే x యాక్సిస్‌ని 2 దగ్గర, అంటే కుడివైపు కోయాలి, y యాక్సిస్‌ని కింద −4 దగ్గర కోయాలి. 2x + 4 అయితే ఎడమవైపు −2 దగ్గర, పైన 4 దగ్గర. చేత్తో గీసింది ఎంత వంకరగా ఉన్నా కుడి ఎడమ, పైన కింద మాత్రం గీసినవాళ్ళు తారుమారు చెయ్యరు కాబట్టి గుర్తు విషయంలో బొమ్మని నమ్మొచ్చు. y మీద చిన్న 2 కనబడకపోయినా ఇంతే, అక్కడ వంపు ఉందంటే y = 4x కాదు.

సమస్య: ఫోటోలో కొలిచిన పాయింట్ ఈక్వేషన్‌లో సరిపోవట్లేదు

ముందు ఒక మాట, రెండు ఈక్వేషన్లూ స్పష్టంగా రాసి ఉంటే కొలవాల్సిన పనే లేదు. x = (y + 4)/2 అని పారాబోలాలో పెట్టండి, y² − 2y − 8 = 0, y = 4 లేదా −2, పాయింట్లు (4, 4), (1, −2). బొమ్మలో ఆ చోటు 3.5 దగ్గర ఉన్నట్టు కనిపించినా సరే, బొమ్మ స్కేల్‌కి గీసింది కాదని అర్థం, అంతే, ఈక్వేషన్ మాటే చెల్లుతుంది.

ఈక్వేషన్లు లేక యాక్సిస్‌ల మీద అంకెలు మాత్రమే ఉన్నప్పుడు కొలవక తప్పదు, అసలు చిక్కు ఇక్కడే. ఫోటోని ఏదైనా పెయింట్ లాంటి యాప్‌లో తెరిస్తే కర్సర్ ఉన్న చోటు పిక్సెల్ నంబర్లు కనబడతాయి (అక్కడ రెండో నంబరు కిందికి పోయేకొద్దీ పెరుగుతుంది, మర్చిపోకండి). మన బొమ్మలో ఆరిజిన్ (400, 900) దగ్గర, x = 4 గుర్తు (1000, 860) దగ్గర, y = 4 గుర్తు (440, 300) దగ్గర, కలిసే పాయింట్ (1040, 260) దగ్గర ఉన్నాయనుకుందాం. ఒక యూనిట్‌కి 150 పిక్సెల్స్ కదా అని నేరుగా భాగిస్తే 640/150, అంటే (4.27, 4.27) వస్తుంది. లైన్‌లో పెట్టి చూడండి, 2 × 4.27 − 4 = 4.54, సరిపోలేదు.

కారణం, ఫోటోలో రెండు యాక్సిస్‌లూ కొంచెం పక్కకి వంగి ఉన్నాయి. కుడివైపు ఒక యూనిట్ జరిగితే పిక్సెల్స్‌లో (150, −10) జరుగుతున్నాం, పైకి ఒక యూనిట్ జరిగితే (10, −150). కాబట్టి రెండూ కలిపి రాయాలి:

```
150a + 10b = 640
-10a - 150b = -640
```

దీన్ని సాధిస్తే a = 4, b = 4. వంపు అంత చిన్నదైనా పాయింట్‌ని పావు యూనిట్ పైగా జరిపేసింది చూడండి.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. ఫోన్‌ని ఏటవాలుగా పట్టుకుని తీస్తే దూరంగా ఉన్న యూనిట్లు చిన్నవిగా పడతాయి, అప్పుడు ఒకే యూనిట్ కొలత అంతటా పనికిరాదు. x = 2 గుర్తు సరిగ్గా ఆరిజిన్‌కీ 4కీ మధ్యలో, అంటే (700, 880) దగ్గర ఉందా లేదా చూడండి. లేకపోతే కాగితం అంచులు గానీ రూళ్ళు గానీ చూడాలి. అవి ఒకవైపుకి దగ్గరవుతూ పోతే తప్పు కెమెరాది, కాగితానికి నిట్టనిలువుగా పైనుంచి మళ్ళీ ఫోటో తీయండి, లేదా ఫోన్‌లో డాక్యుమెంట్ స్కాన్ వాడండి. రూళ్ళు సమానంగానే ఉండి గుర్తులు మాత్రమే ఎగుడుదిగుడుగా ఉంటే తప్పు గీసిన చేతిది, అప్పుడు మళ్ళీ ఫోటో తీసినా లాభం లేదు, పాయింట్‌కి అటూ ఇటూ ఉన్న రెండు గుర్తుల మధ్య మాత్రమే కొలిచి, వచ్చిన జవాబుని సుమారు అని రాసెయ్యండి.

సమస్య: పాయింట్లు కరెక్టే, ఏరియా మాత్రం 19/3 వస్తోంది

పాయింట్లు x = 1, x = 4 దగ్గర ఉన్నాయి కాబట్టి 1 నుంచి 4 వరకు పైది మైనస్ కిందిది అని 2√x − (2x − 4) ని ఇంటిగ్రేట్ చేస్తారు, 19/3 వస్తుంది, అది తప్పు. బొమ్మని ఇంకోసారి చూడండి, షేడింగ్ x = 1 దగ్గర ఆగలేదు, ఎడమకి పారాబోలా ముక్కు దాకా, అంటే ఆరిజిన్ దాకా పోయింది. ఆ భాగంలో లైన్ లేదు, పైనా కిందా రెండూ పారాబోలావే, అక్కడ ఎత్తు 4√x, ఏరియా 8/3. కలిపితే 19/3 + 8/3 = 9.

ఇలాంటి పక్కకి తిరిగిన పారాబోలాకి x వెంట కాకుండా y వెంట పోవడమే నయం, ఎందుకంటే కింద నుంచి పైదాకా కుడి అంచు ఎప్పుడూ లైనే, ఎడమ అంచు ఎప్పుడూ పారాబోలానే. (y + 4)/2 − y²/4 ని −2 నుంచి 4 వరకు చేస్తే ఒక్క ముక్కలోనే 9 వస్తుంది. ఏ వైపు పోవాలో తెలియాలంటే ఫోటో మీద పెన్ను అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి పెట్టి జరపండి, ఏ వైపు జరిపినప్పుడు షేడింగ్ రెండు అంచులూ మారకుండా ఉంటాయో అదే దారి.

20/3 వస్తే మాత్రం కింది లిమిట్ 0 పెట్టేసినట్టు, x యాక్సిస్ కింద ఉన్న 7/3 వదిలేశారు. ఒకవేళ షేడింగ్ నిజంగానే యాక్సిస్ పైన ఆగిపోయి ఉంటే 20/3 యే జవాబు, అందుకే ఆ చోట ఫోటో జూమ్ చేసి పెన్సిల్ గీతలు యాక్సిస్ దాటాయో లేదో చూసుకోవాలి.

జవాబు సరిచూసుకోడానికి ఇంటిగ్రేషన్ లేని దారి ఒకటి ఉంది, ఆర్కిమెడిస్ చూపించిందే. రెండు పాయింట్ల y ల సగటు 1, పారాబోలా మీద y = 1 దగ్గర పాయింట్ (1/4, 1). దీన్ని (4, 4), (1, −2) తో కలిపి త్రిభుజం గీస్తే ఏరియా 6.75, దాన్ని 4/3 తో గుణిస్తే 9. పారాబోలాని ఒక సరళరేఖ కోసినప్పుడు మాత్రమే ఇది పనిచేస్తుంది, సర్కిల్‌కి గానీ రెండు పారాబోలాల మధ్య భాగానికి నేరుగా గానీ వాడొద్దు.