ఇంగ్లీషులో మాట బరువు – 4వ పాఠం: 'పెద్ద'కు నాలుగు మాటలు

తెలుగులో 'పెద్ద' అన్న ఒక్క మాటతో ఇల్లూ నష్టమూ తప్పూ అన్నీ చెప్పేస్తాం. బలం చాలకపోతే ముందు 'చాలా' తగిలిస్తాం, ఒంగోలు నెల్లూరు వైపయితే 'శానా'. ఇంగ్లీషులో ఆ పని బిగ్, లార్జ్, హ్యూజ్, ఎనార్మస్ పంచుకుంటాయి. తప్పులన్నీ ఆ పంపకం దగ్గరే వస్తాయి.

ముందు బలం సంగతి. బిగ్, లార్జ్ రెండూ మామూలు 'పెద్ద'. వాటికి కొలత ఉంది కాబట్టి ముందు 'వెరీ' పెట్టొచ్చు, పోల్చేటప్పుడు బిగ్గర్, లార్జర్ అనొచ్చు. రొయ్యల లెక్క తెలిసినవాళ్లకు ఇది సులువు. 30 కౌంట్ అంటే కిలోకు 30 రొయ్యలు, 100 కౌంట్ అంటే కిలోకు వంద. కౌంట్ తగ్గితే రొయ్య పెద్దది, అంటే 30 కౌంట్ రొయ్య 100 కౌంట్ కన్నా బిగ్గర్. హ్యూజ్, ఎనార్మస్ అలా కాదు. 'చాలా' అన్నది వాటి లోపలే ఉంది. వెరీ హ్యూజ్ అంటే 'చాలా చాలా పెద్ద' అన్నట్టు రెట్టింపై, చదివేవాళ్లకు పొరపాటుగా తోస్తుంది. బలం ఇంకా కావాలంటే 'అబ్సొల్యూట్లీ హ్యూజ్' అంటారు, అదీ మాటల్లోనే. ఉత్తరంలో ఒట్టి హ్యూజ్ చాలు.

ఇక మర్యాద స్థాయి. బిగ్ ఇంట్లో, వీధిలో, ఫోన్లో మాట. లార్జ్ కాస్త కాగితం మీది మాట. పులికాట్ సరస్సు గురించి రాసేటప్పుడు దేశంలో చిల్కా తరువాత 'సెకండ్ లార్జెస్ట్' ఉప్పునీటి సరస్సు అంటారు. అక్కడ బిగ్గెస్ట్ అన్నా తప్పు కాదు గానీ, విస్తీర్ణం లెక్కలకు లార్జ్ బాగా అతుకుతుంది. హ్యూజ్, ఎనార్మస్ బలంలో దాదాపు సమానం. హ్యూజ్ మాటల్లో ఎక్కువ వినబడుతుంది, ఎనార్మస్ కాస్త నిండుగా, రాతకు దగ్గరగా ఉంటుంది.

అసలు చిక్కు మూడోది: ఏ మాట పక్కన ఏది కూర్చుంటుందో. సంఖ్య, మొత్తం, పరిమాణం పక్కన లార్జ్ వస్తుంది: లార్జ్ నంబర్, లార్జ్ అమౌంట్, లార్జ్ క్వాంటిటీ. తప్పు, నిర్ణయం, ఆశ్చర్యం పక్కన బిగ్ వస్తుంది: బిగ్ మిస్టేక్, బిగ్ డెసిషన్, బిగ్ సర్‌ప్రైజ్. అన్నయ్య ఎప్పుడూ బిగ్ బ్రదరే. లార్జ్ బ్రదర్ అంటే ఒళ్లు పెద్దదని అర్థం. హ్యూజ్, ఎనార్మస్ రెండు వైపులా ఒదుగుతాయి.

ఒక ఉత్తరాన్ని దిద్ది చూద్దాం. కొత్తపట్నం వైపు ఒక రైతు చెరువులో రెండు లక్షల సీడ్, అంటే రొయ్య పిల్లలు, వేశాడు, దాదాపు 60 వేల రొయ్యలు చనిపోయాయి. అనుమానం మేత మీద. కంపెనీకి ఇలా రాశాడనుకోండి:

బిగ్ నంబర్ ఆఫ్ ష్రింప్ డైడ్. ఇట్ ఈజ్ ఎ వెరీ హ్యూజ్ లాస్. ఇట్ ఈజ్ ఎ లార్జ్ మిస్టేక్ ఆఫ్ యువర్ స్టాఫ్.

మొదటి వాక్యంలో సంఖ్య ఉంది కాబట్టి 'ఎ లార్జ్ నంబర్' కావాలి. పక్కనే 'అబౌట్ 60,000 అవుట్ ఆఫ్ 2,00,000' అని అంకెలు వేయాలి. అంకె ఉన్న చోట విశేషణానికి అంత కష్టపడే పనిలేదు. రెండో వాక్యంలో వెరీ తీసేయాలి. తీశాక కూడా ఆగి లెక్క చూడాలి: పోయింది 30 శాతం. దానికి 'లార్జ్ లాస్' అంటే నమ్ముతారు. చెరువంతా పోయి ఉంటే ఎనార్మస్ న్యాయం. అంకె ఒకటీ మాట ఇంకొకటీ చెబితే ఉత్తరం బలహీనపడుతుంది. మూడోదానిలో మిస్టేక్ పక్కన లార్జ్ కుదరదు. బిగ్ మిస్టేక్ సరైనదే గానీ కంపెనీకి రాసే ఉత్తరానికి చనువు ఎక్కువ, 'సీరియస్ మిస్టేక్' మేలు. కారణం ఇంకా తేలలేదు కాబట్టి ఆ వాక్యం తీసేసి, మేతను పరీక్షించమని అడగడం ఇంకా మంచిది.

అదే రైతు బావమరిదికి ఫోన్ చేసి ఇంగ్లీషులో చెప్పాల్సి వస్తే 'ఇట్స్ ఎ హ్యూజ్ లాస్, బావా' అనొచ్చు. అక్కడ బాధ తెలిస్తే చాలు, శాతం లెక్క ఎవరూ అడగరు.

ఒక చిన్న విషయం మరవొద్దు. ఎనార్మస్ అచ్చు ధ్వనితో మొదలవుతుంది కాబట్టి ముందు 'ఎ' కాదు, 'యాన్' రావాలి: యాన్ ఎనార్మస్ లాస్.

అభ్యాసం. మూడు సందర్భాలకు మాట ఎంచి, ఎందుకో పక్కన రాయండి. చీమకుర్తి గ్రానైట్ క్వారీ గుంత లోతు చూసి స్నేహితుడికి ఫోన్లో చెప్పడం. ఒంగోలు గిత్త మూపురం గురించి పశువైద్య నివేదికలో రాయడం. ఖాతాలో పెద్ద మొత్తం జమ చేశామని బ్యాంకుకు రాయడం. జవాబులు 5వ పాఠం మొదట్లో ఉంటాయి, ఆ తరువాత స్మాల్, లిటిల్, టైనీ సంగతి.