ఎండాకాలం వీధి ఫోటోకి మంచు వేసే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఎండలో తీసిన వీధి ఫోటోని మంచు వీధిగా మార్చాలనుకున్నప్పుడు చాలామంది ముందు తెల్ల బ్రష్ పట్టుకుంటారు. రోడ్డు తెల్లబడుతుంది, కప్పులు తెల్లబడతాయి, అయినా చూడగానే ఏదో తేడా కొడుతుంది. ఆ తేడా మంచులో కాదు, వెలుగులో ఉంటుంది. జూన్ ఎండ ఎక్కడిదక్కడే ఉండిపోయి, దాని మీద జనవరి మంచు వచ్చి కూర్చుంటుంది. అందుకే ఈ పనిలో సగం జాగ్రత్తలు మంచు వేయకముందే తీసుకోవాలి.

సిమ్లా ఫోటో ఒకటి పెట్టుకుని చూద్దాం. సుమారు 2,200 మీటర్ల ఎత్తులో ఉన్న ఊరు. మంచు సాధారణంగా డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా పడుతుంది. మనవాళ్లు మాత్రం పిల్లల సెలవులు చూసుకుని మే, జూన్‌లలో వెళ్తారు కాబట్టి ఫోన్లో ఉండేవన్నీ ఎండ ఫోటోలే. ఊరి మధ్యలోని రిడ్జ్ మైదానం మీద పసుపు రంగు క్రైస్ట్ చర్చి, వాలుగా ఉండే ఎరుపు, ఆకుపచ్చ రేకుల కప్పులు, వెనక దేవదారు చెట్లు. పని ఫోటోషాప్‌లో చేస్తున్నామనుకుందాం.

మొదటి జాగ్రత్త ఫోటో ఎంపికలోనే ఉంది. సిమ్లాలో జూన్ నడిమధ్యాహ్నం సూర్యుడు సుమారు 82 డిగ్రీల ఎత్తులో, అంటే దాదాపు నెత్తిమీద ఉంటాడు. డిసెంబరు మధ్యాహ్నం 35 డిగ్రీలే. 10 మీటర్ల ఎత్తున్న భవనం నీడ జూన్‌లో నేల మీద మీటరున్నర కూడా ఉండదు, డిసెంబరులో 14 మీటర్లు సాగుతుంది. గోడ మీద లెక్క దీనికి పూర్తిగా తలకిందులు. అర మీటరు బయటికొచ్చిన చూరు దక్షిణపు గోడ మీద వేసే నీడ జూన్ మధ్యాహ్నం మూడున్నర మీటర్ల కిందికి దిగుతుంది, డిసెంబరులో 35 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. నేల మీది పొట్టి నీడ మంచు వేస్తే కప్పబడిపోతుంది. గోడ మీది ఆ పొడుగు నీడ మాత్రం ఎక్కడికీ పోదు. చూసేవాళ్లకి ఈ లెక్క తెలియకపోయినా, చలికాలం వెలుగు అలా పడదని కంటికి తెలుసు.

కాబట్టి మధ్యాహ్నం తీసిన ఫోటో అయితే ఎండని పూర్తిగా తీసేసి, మబ్బు పట్టిన రోజుగా మార్చడమే మంచిది. మంచు కురిసి వెలిసిన ఎండ ఉదయంలా కావాలంటే పొద్దున్నే గానీ, సాయంత్రం గానీ పొడుగు నీడలతో తీసిన ఫోటోనే వాడండి. నడిమధ్యాహ్నం ఫోటోతో ఆ రెండో దారి పట్టకండి, ఎంత కష్టపడినా కుదరదు.

ఎండ తీయడమంటే నీడలు మాత్రమే లేపడం కాదు. Camera Raw Filter తెరిచి Highlights తగ్గించి, Shadows పెంచితే సగం పని అవుతుంది. మిగతా సగం చేత్తో చేయాలి. గోడ మీద ఎండ పడిన భాగాన్ని ఎంచుకుని Curves తో కొంచెం దించండి, నీడ భాగాన్ని ఇంకో Curves తో కొంచెం లేపండి, రెండూ మధ్యలో కలవాలి. రంగు కూడా చూసుకోవాలి. ఎండ పడిన చోట పసుపు ఛాయ ఉంటుంది, నీడలో ఆకాశపు నీలం ఉంటుంది. వెలుగు సమానమైనా ఈ రంగు తేడా మిగిలిపోతే పాత నీడ మరకలా కనిపిస్తుంది. ఇంతగా లాగేటప్పుడు జేపెగ్ ఫోటో నీడల్లో గింజలు తేలతాయి, చారలు పడతాయి. రా ఫైలు ఉంటే అదే తీసుకుని 16 బిట్‌లో పని చేయండి. అసలు ఫైలుని ముట్టుకోకుండా ప్రతి మార్పూ వేరే లేయరు మీద, మాస్క్‌తో చేయండి.

అయిందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఫోటోని తాత్కాలికంగా నలుపు తెలుపు చేసి, బొటనవేలంత చిన్నది చేసి చూడండి. సూర్యుడు ఏ వైపున్నాడో ఇంకా చెప్పగలుగుతుంటే పని అవలేదు. ఆకాశం మార్చాక కిటికీ అద్దాలు కూడా ఒకసారి చూడండి. పైన బూడిదరంగు మబ్బు పెట్టి అద్దాల్లో నీలాకాశం వదిలేయడం మామూలుగా జరిగే పొరపాటు.

ఇప్పుడు పచ్చదనం. చెట్లని, గడ్డిని ఒకేసారి తెల్లబరిచే పాత కిటుకు ఒకటుంది. Channel Mixer లేయరు పెట్టి, Monochrome టిక్ చేసి, Red -50, Green +200, Blue -50 ఇచ్చి, లేయరు బ్లెండ్ మోడ్‌ని Lighten లో పెట్టడం. మూడూ కలిపితే 100 అవుతుంది కాబట్టి బూడిదరంగు రోడ్డు, రాతిగోడ మారవు. ఎరుపు రేకులు కూడా మారవు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు వరసగా 90, 130, 50 ఉన్న ఆకు మాత్రం 190 దగ్గర లేత బూడిద అవుతుంది. చూడ్డానికి మాయలా ఉంటుంది, కానీ ఇక్కడే జాగ్రత్త పడాలి. పసుపులో ఆకుపచ్చ పాలు చాలా ఎక్కువ. చర్చి గోడ 220, 190, 90 అనుకుంటే లెక్క 225 కి చేరుతుంది. అంటే చర్చి మొత్తం తెల్లగా అయిపోయి సిమ్లా గుర్తే పోతుంది. ఆకుపచ్చ రంగేసిన కిటికీ తలుపులు, షట్టర్లు కూడా తెల్లబడతాయి. నిలువుగా ఉన్న తలుపు మీద మంచు ఎలా నిలుస్తుంది? అందుకే ఆ లేయరు మాస్క్‌ని ముందు పూర్తిగా నల్లగా చేసేయండి, తర్వాత కావలసిన చోట మాత్రమే తెల్ల బ్రష్‌తో తెరవండి.

దేవదారు ఏడాదంతా పచ్చగా ఉండే చెట్టు కాబట్టి సిమ్లా ఫోటోలో మన అదృష్టం బాగుంది. కొమ్మల పైభాగం తెరిచి, కింది భాగం ముదురు పచ్చగా వదిలేస్తే చాలు. ఆకు రాల్చే చెట్టు వీధిలో ఉంటే ఈ కిటుకు పనికిరాదు. నిండా ఆకులున్న చెట్టు మొత్తం తెల్లబడితే మంచులా ఉండదు, ఇన్‌ఫ్రారెడ్ ఫోటోలా ఉంటుంది. ఆ చెట్టుని తీసేసి, మోడు చెట్టు ఫోటో తెచ్చి పెట్టుకోవాలి. అంత ఓపిక లేకపోతే ఆ చెట్టు పడని ఫోటో వెతుక్కోండి.

ఇక కప్పులు. కప్పుకి తెల్లరంగు నింపితే అది సున్నం వేసిన కప్పు అవుతుంది. మంచుకి మందం ఉంటుంది, ఆ మందాన్ని కొలిచి వేయాలి. ఫోటోలో దగ్గరున్న మనిషి ఎత్తు 340 పిక్సెళ్లు అనుకోండి. ఆయన 1.7 మీటర్ల మనిషైతే ఆ దూరంలో మీటరుకి 200 పిక్సెళ్లు. 15 సెంటీమీటర్ల మంచు అంటే అక్కడ 30 పిక్సెళ్ల మందం. వీధి చివర 2 మీటర్ల తలుపు 80 పిక్సెళ్లే ఉంటే, అక్కడ అదే మంచు 6 పిక్సెళ్లు. అన్ని కప్పులకీ ఒకే బ్రష్ సైజు వాడితే దూరపు ఇళ్ల మీద అర మీటరు పైన మంచు పేరుకున్నట్టు ఉంటుంది.

ఆ మందం కప్పు గీతకి పైన రావాలి, అంటే ఆకాశంలోకి లేవాలి. కొప్పు దగ్గర రేకు కోణం పదునుగా కాకుండా గుండ్రంగా కావాలి. చూరు అంచున మంచు కొంచెం బయటికి వంగి, దాని కింద సన్నటి నీడ గీత ఉండాలి. నిజంగా నమ్మించేది ఆ గీతే. రేకు మీద మంచు జారుతుంది కూడా. వాలు బాగా ఎక్కువున్న కప్పు మీద అక్కడక్కడా ఎరుపు రేకు బయటపడేలా వదలండి, జారిన మంచుని ఆ చూరు కింద నేల మీద కుప్పగా పెట్టండి. పిట్టగోడ పైఅంచు, బోర్డుల పైఅంచు, దీపస్తంభం మీది టోపీ మర్చిపోవద్దు. పైకి చూసే ప్రతి తలం మీదా మంచు ఉండాలి, పక్కకి చూసేది శుభ్రంగా ఉండాలి.

మంచు తెలుపు ఎంత ఉండాలన్నది ఇంకో చిక్కు. 255 తెలుపు పెడితే అది కాగితం. మబ్బు రోజున ఎండ లేదు కాబట్టి 225, 230, 236 దగ్గర పెట్టి, పల్లాల్లో 175, 185, 200 దాకా దిగనివ్వండి. Info ప్యానెల్ తెరిచి ఆకాశాన్ని కూడా కొలవండి. మబ్బు ఆకాశం కన్నా నేల మీది మంచు ఎక్కువ వెలిగిపోతుంటే ఎక్కడో తేడా వచ్చినట్టే. పైగా తాజా మంచు తన మీద పడిన వెలుగులో ఎక్కువ భాగాన్ని తిప్పి పంపేస్తుంది. అందుకని చూరు అడుగుభాగం, బాల్కనీ కిందివైపు, గోడల కింది భాగం వేసవిలో కన్నా కాస్త తేటగా ఉండాలి. చాలామంది చేయని పని ఇది. ఒక మెత్తటి Curves లేయరుతో పది నిమిషాల్లో అయిపోతుంది, మంచు అప్పటిదాకా అతికించినట్టు ఉన్నది కాస్తా వీధిలో కలిసిపోతుంది.

రోడ్డుకి నిజమైన మంచు ఫోటో ముక్క వాడితే మంచిది, కానీ అది కూడా మబ్బు రోజున, నిలబడిన మనిషి కంటి ఎత్తు నుంచి తీసినదై ఉండాలి. పైనుంచి తీసిన మంచుని తెచ్చి పరిస్తే నేల లేచి నిలబడినట్టు ఉంటుంది. వీధిలో జనం తిరుగుతారు కాబట్టి మధ్యలో తొక్కిన దారి, అక్కడక్కడా తడిసిన నల్ల రోడ్డు, అంచుల్లో చెదరని మంచు ఉండాలి. సిమ్లా బజారు వీధి మాల్ రోడ్ మీద మామూలు వాహనాలని రానివ్వరు. అందంగా ఉంటాయని అక్కడ కారు చక్రాల జాడలు గీస్తే సిమ్లా చూసినవాళ్లు వెంటనే పట్టేస్తారు. వేరే ఊరి వీధైతే ఆ జాడలు ఉండాల్సిందే.

మనుషులు పొట్టి చేతుల చొక్కాల్లో, ఐస్‌క్రీమ్ తింటూ ఉంటే వాళ్లని తీసేయడమే తేలిక. ఉంచాలనుకుంటే పాదాలు మంచులో కాస్త దిగాలి, పాదం చుట్టూ చిన్న నీడ ఉండాలి. లేకపోతే గాల్లో తేలుతున్నట్టు ఉంటారు.

కురుస్తున్న మంచు కావాలంటే అన్నిటికన్నా చివర వేయండి, అదీ కొద్దిగానే. దూరపు మంచు రేకలు చిన్నగా, ఎక్కువగా, దగ్గరివి పెద్దగా, మసకగా, చాలా తక్కువగా, వేర్వేరు లేయర్ల మీద Screen లో ఉండాలి. కురుస్తున్నప్పుడు దూరపు కొండ తేలిపోయినట్టు కనిపిస్తుంది కాబట్టి దాని కాంట్రాస్ట్ కూడా తగ్గించండి. చేసిన తప్పులు దాచడానికని రేకలు దట్టంగా చల్లితే ఫోటో పాడవుతుంది.

చివరి జాగ్రత్త వాట్సాప్ గురించి. బాగా కుదిరిన ఫోటో ఫ్యామిలీ గ్రూపు దాటి ఎక్కడెక్కడికో పోతుంది. సిమ్లాలో మంచు పడిందని నమ్మి ఎవరైనా పిల్లలతో టికెట్లు బుక్ చేసుకోవచ్చు. లంబసింగిలో మంచు కురిసిందంటూ తిరిగే ఫోటోలు ఏటా చూస్తూనే ఉన్నాం కదా. పంపే ముందు ఫోటో మీదనే ‘ఎడిట్ చేసిన ఫోటో’ అని తెలుగులో, కత్తిరించినా పోని చోట రాయండి. ఫోటో కింద రాసే మాటని ఫార్వర్డ్ చేసేవాళ్లు తీసేయవచ్చు. లేయర్లున్న ఫైలుని, అసలు ఎండ ఫోటోని విడివిడిగా దాచుకోండి, ఎవరైనా అడిగితే పక్కపక్కన పెట్టి చూపించవచ్చు.