పాత చెప్పులకు కొత్త ప్రాణం – మూడో పాఠం: చెప్పులు కుట్టే బాబాయికి సందేశం

మొదటి పాఠంలో చెప్పు భాగాలు చూశాం. రెండో పాఠంలో ఎక్కడ ఊడిందో, ఎక్కడ అరిగిందో వెతకడం నేర్చుకున్నాం. ఈసారి కనిపెట్టిన లోపాలను చెప్పులు కుట్టే మనిషికి రాసి పంపుదాం. ఉదాహరణకు నా గోధుమరంగు తోలు చెప్పులనే తీసుకుంటాను. ఏళ్ల తరబడి వేసుకోవడంతో వాటి పట్టీలు నా పాదం ఒంపుకు సరిగ్గా కుదురుకున్నాయి, అందుకే వదులుకోబుద్ధి కావడం లేదు. ఖర్చు మాత్రం 200 రూపాయలు దాటకూడదు.

చాలామంది రాసేది ఇలా ఉంటుంది: "బాబాయ్, చెప్పులు పాడయ్యాయి, ఎంత అవుతుంది?" దీనికి ఆయన జవాబు చెప్పలేడు. ఊడిన పట్టీకి ఒక పని, తెగిన పట్టీకి ఇంకో పని. ఏది అయిందో తెలియకుండా రేటు చెప్పమంటే "తీసుకురండి, చూద్దాం" అనడం తప్ప ఆయనకు దారి లేదు.

నా ఎడమ చెప్పుకు అడ్డపట్టీ ఒకవైపు బయటికి వచ్చేసింది. ఇక్కడ కాస్త ఆగి, పట్టీ ఎలా నిలబడుతుందో గుర్తు చేసుకోండి. పట్టీ కొసను పాదం ఆనే పై అట్టకీ కింది సోలుకీ మధ్యకు దూర్చి, గమ్ముతో అంటించి, కుట్టో మేకో వేస్తారు. ఊడినప్పుడు ఆ దాగిన కొస బయటపడుతుంది. అది చెక్కుచెదరకుండా ఉంటే మళ్లీ లోపలికి దూర్చి కుడితే పని అయిపోతుంది. చిరిగి పీచులు లేచి ఉంటే ఆ చిరిగిన మేర కోసేయాలి. అప్పుడు పట్టీ పొట్టిదవుతుంది. దాన్నే లాగి బిగిస్తే పాదం మీద ఒత్తుకుని బొబ్బలెక్కిస్తుంది. ఆ బిగువుకు కొన్నాళ్లలో రెండో వైపు కూడా ఊడుతుంది. కాబట్టి కొసకు అడుగున కొత్త తోలు ముక్క అతికి, పొడవు పెంచి, అప్పుడు లోపలికి దూర్చాలి. మామూలు కుట్టుకన్నా ఇది పెద్ద పని, కూలీ కూడా ఎక్కువే.

అందుకే సందేశంలో రాయాల్సిన మొదటి విషయం పట్టీ ఊడిందా, తెగిందా అన్నది. రెండోది, కొస ఎంత మిగిలిందన్నది. చెప్పు కాలికి వేసుకుని, ఊడిన కొసను దాని చోటికి తెచ్చి పట్టుకోండి. సోలు అంచు దాటి లోపలికి పోవడానికి ఎంత మిగులుతోందో వేలితో కొలవండి. నా చెప్పుకు చిటికెన వేలి గోరంత మిగిలింది, అందులోనూ సగం పీచులే. అంటే అతుకు తప్పదు.

వైపు చెప్పేటప్పుడు "లోపలివైపు, బయటివైపు" అని రాయకండి. ఆయన చెప్పును తలకిందులుగా ఒళ్లో పెట్టుకుని చూస్తాడు, తికమక పడతాడు. "ఎడమ కాలి చెప్పు, బొటనవేలి వైపు" అని రాస్తే ఎలా తిప్పి చూసినా అర్థం మారదు.

రెండో లోపం కుడి చెప్పు ముందు సోలు నోరు తెరుచుకోవడం. ఎంత మేర విడిపోయిందో రాయండి. అంతకన్నా ముఖ్యం, దానికి ఇంట్లో ఏం పూశారో దాచకుండా చెప్పండి. చుక్క వేయగానే అంటుకునే గమ్ము ఎండితే గాజులా గట్టిపడుతుంది, నడకలో సోలు వంగినప్పుడల్లా పగులుతుంది. ఆ పొర మీద ఆయన గమ్ము పట్టదు. దాన్ని గీకి తీయాలని ముందే తెలిస్తే, దానికి పట్టే సమయం కూడా ఆయన లెక్కలోకి వస్తుంది. తర్వాత రెండు వైపులా గమ్ము రాసి, చేతికి అంటనంతగా ఆరనిచ్చి, గట్టిగా అదిమి, అంచు చుట్టూ కుట్టు వేస్తారు. ముందుభాగం అడుగడుగునా వంగుతుంది కాబట్టి అక్కడ గమ్ము ఒక్కటే సరిపోదు, కుట్టు కూడా అడగండి.

ఈ పని పనికొస్తుందో లేదో తెలియాలంటే సోలును గోటితో గీరి చూడండి. గీత మాత్రమే పడితే పరవాలేదు. పొడిపొడిగా రాలితే ఆ సోలు పదార్థమే చివికిపోయిందని అర్థం, దానికి గమ్మూ పట్టదు, కుట్టూ నిలవదు. అప్పుడు సోలు మొత్తం మార్చడమెంతో అడగాలి. నా చెప్పులది రబ్బరు సోలు, గట్టిగానే ఉంది.

మూడోది మడమ అరుగుదల. చెప్పును బల్ల మీద పెట్టి, మడమ మూల కింద రూపాయి బిళ్లలు దూర్చి చూడండి. ఎన్ని దూరితే అంత అరిగినట్టు. ఆ సంఖ్యే రాసేయండి, స్కేలు అక్కర్లేదు.

ఇక డబ్బు సంగతి. "తక్కువలో చేయండి" అంటే ఆయన దేన్ని తగ్గించాలో ఊహించుకోవాలి, బహుశా కుట్టు మానేసి గమ్ముతో సరిపెడతాడు. ఉన్న మొత్తం చెప్పి, ఏ పని ముందో వరుసగా రాస్తే ఆ చిక్కు ఉండదు. చెప్పు వేసుకోనివ్వని లోపం మొదట, రోజురోజుకీ పెరిగేది తర్వాత, ఆగగలిగేది చివర. ఇదీ నేను రాసింది:

"బాబాయ్, నమస్తే. తోలు చెప్పులు, రబ్బరు సోలు. మూడు ఫొటోలు పంపుతున్నాను.
1. ఎడమ కాలి చెప్పు: అడ్డపట్టీ బొటనవేలి వైపు ఊడింది, తెగలేదు. కొస పీచులు లేచింది, గోరంతే మిగిలింది. అతుకు వేయాల్సి వస్తుందనుకుంటున్నాను. పట్టీ మార్చొద్దు, ఉన్నదే నిలపండి.
2. కుడి కాలి చెప్పు: ముందు సోలు రెండు వేళ్ల మేర విడిపోయింది. ఇంట్లో గమ్ము వేశాను, గీకాల్సి ఉంటుంది. అంటించి కుట్టు కూడా వేయండి.
3. రెండు మడమలూ చిటికెన వేలి వైపు అరిగాయి, రెండు రూపాయి బిళ్లలు దూరుతున్నాయి.
నా దగ్గర 200 ఉన్నాయి. ఒకటి, రెండు తప్పనిసరి. మూడోది డబ్బు సరిపోతేనే. పాలిష్ వద్దు. దేనికెంతో విడిగా చెప్పండి. విప్పాక ఇంకేదైనా కనబడితే పని ఆపి ఒక్క ఫోన్ చేయండి."

ఫొటోలు ఎండ వెలుతురులో తీయాలి. ఒకటి సోలు అడుగుది, ఒకటి పక్కనుంచి, ఒకటి ఊడిన కొసకు దగ్గరగా, పక్కన రూపాయి బిళ్ల పెట్టి. ఆయన చదవడానికి ఇబ్బంది పడే మనిషైతే ఇవే మాటలు ఇదే వరుసలో వాయిస్ మెసేజ్‌గా పంపండి.

జవాబు వచ్చింది: అతుకు, కుట్టు కలిపి 80. సోలుకు 90. మడమ ముక్కలు జతకు 120. రేట్లు ఊరినిబట్టి మారతాయి, లెక్క చూసే తీరు మాత్రం ఇదే. మొత్తం 290, మన దగ్గర ఉన్నది 200. మొదటి రెండూ 170కి అయిపోతాయి. మిగిలిన 30కి ఒక మడమ ముక్క కూడా రాదు. వచ్చినా ఒక మడమకే వేయించుకుందామనుకోకండి, రెండు కాళ్ల ఎత్తులో తేడా వస్తుంది. మడమ పని వచ్చే నెలకు వాయిదా వేశాను. అయితే దీనికీ ఒక హద్దు ఉంది. అరుగుదల కింది సోలును దాటి పై అట్టను తాకితే చిన్న ముక్కతో సరిపోదు, సోలే మార్చాల్సి వస్తుంది. కాబట్టి వారానికోసారి బిళ్లలు దూర్చి చూస్తూ ఉండండి.

ఈ వారం అభ్యాసం: మీ చెప్పుల జత ఒకటి తీసి పట్టీ, సోలు, మడమ ఈ వరుసలోనే పరీక్షించండి. ఖర్చు 150 రూపాయలకు మించకుండా సందేశం రాయండి. రాశాక చెప్పులు చూడని మరొకరికి ఇచ్చి, ఏ కాలి చెప్పుకు ఏ వైపు ఏ పని చేయాలో చెప్పమనండి. ఎక్కడ తడబడితే ఆ వాక్యం తిరగరాయండి. వచ్చే పాఠంలో, పని అయిన చెప్పులు చేతికి తీసుకునేటప్పుడు కుట్టునూ అతుకునూ అక్కడికక్కడే ఎలా పరీక్షించాలో చూద్దాం.