ఫోనుతో ఇంటి పనులు – 4వ పాఠం: చేరాక ఆలస్యంగా వచ్చే కబురు

ఇంట్లోవాళ్లు ఒక చోటికి చేరగానే గూగుల్ మ్యాప్స్ మన ఫోనుకి కబురు పంపేలా, పోయిన పాఠం చూసి అలర్ట్ పెట్టుకున్న చాలామందికి అది మొదటి రోజే పనిచేసి ఆగిపోయింది. తప్పు నాదే. గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ షేర్ చేసేటప్పుడు గంటసేపు అనే ఎంపికను వదిలేసి Until you turn this off ఎంచుకోవాలని చెప్పడం మరిచాను. షేరింగ్ ఆగితే అలర్టూ ఉండదు.

రెండో ఫిర్యాదు: “అబ్బాయి ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని అన్నం తింటుంటే ‘చేరాడు’ అని మోగుతోంది.” ఇది కొంతవరకు మామూలే. జీపీఎస్ ఎప్పుడూ నడిస్తే సాయంత్రానికి చార్జ్ ఉండదు కాబట్టి, ఆండ్రాయిడ్ ఇలాంటి పనికి ఎక్కువగా సెల్ టవర్లూ వైఫై చూసుకుంటూ అప్పుడప్పుడే చోటు తెలుసుకుంటుంది. రెండు మూడు నిమిషాలు ఆలస్యమైతే వదిలేయండి. ఇరవై నిమిషాలైతే ఎక్కడో అడ్డుంది.

ఇక్కడే నాకు విసుగొస్తుంది. అందరూ తమ ఫోన్లో సెట్టింగులు మారుస్తున్నారు! కబురు అందుకునేది మీ ఫోను, చోటు చెప్పేది అబ్బాయి ఫోను. అమ్మ గుడికెళ్తే అమ్మ ఫోను, మామయ్య పొలం వెళ్తే మామయ్య ఫోను. మార్చాల్సింది అక్కడే. ఆ ఫోన్లో మ్యాప్స్‌కి లొకేషన్ పర్మిషన్ Allow all the time ఉండాలి, Use precise location ఆన్‌లో ఉండాలి, బ్యాటరీ దగ్గర Unrestricted పెట్టాలి. వైఫై ఆపేసే అలవాటుంటే Wi-Fi scanning అయినా ఆన్ చేయండి.

మా అబ్బాయి విషయం చెబుతాను. కాలేజీ బస్సు దిగేసరికి వాడి ఫోన్లో 15 శాతం ఉండేది, బ్యాటరీ సేవర్ దానంతటదే ఆన్ అయ్యేది. మ్యాప్స్‌లో వాడి బొమ్మ నొక్కితే చార్జ్ ఎంతుందో, చోటు ఎప్పుడు అప్‌డేట్ అయిందో కనిపిస్తాయి. ‘35 నిమిషాల క్రితం’ అని ఉంది. వాడు స్క్రీన్ వెలిగించి మ్యాప్స్ తెరవగానే చుక్క ఇంటి మీదకి దూకింది. అంటే నెట్ బాగానే ఉంది, ఫోనే నిద్రపోయింది. బ్యాగులో పవర్ బ్యాంక్ పెట్టాం, తీరిపోయింది.

నేనైతే ‘చేరితే’ అలర్టే పెడతాను. ‘బయల్దేరితే’ పెడితే, మంచం మీదున్న ఫోను చుక్క అర్ధరాత్రి వీధి చివరికి జరిగినా మనకి టెన్షన్.

అలర్ట్ పెట్టినట్టు అవతలివాళ్లకీ తెలుస్తుంది, వాళ్లు షేరింగ్ ఎప్పుడైనా ఆపేయొచ్చు. అమ్మాయి నిద్రపోతుండగా ఫోను తీసి షేరింగ్ ఆన్ చేశానని ఒకరు రాశారు. ఆపేసి, అడిగి పెట్టండి.

అభ్యాసం: అయిదు రోజులు వాళ్లు గుమ్మం ఎక్కిన టైము, కబురొచ్చిన టైము, అప్పటి వాళ్ల ఫోను చార్జ్ కాగితం మీద రాయండి. ఆలస్యమైన రోజుల పక్కన చార్జ్ ఎంతుందో చూశాకే సెట్టింగులు ముట్టుకోండి.