టికెట్‌పై పేరు, పాస్‌పోర్టుపై పేరు: తేడా ఎక్కడ వస్తుంది, ఎలా సరిచేయించాలి

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర విమాన టికెట్లు చేసే మా కౌంటర్‌కు వచ్చేవారిలో సగం మంది ముందుగా ఆధార్ కార్డు తీసి బల్ల మీద పెడతారు. విదేశీ ప్రయాణానికి దాన్ని మళ్లీ జేబులో పెట్టేసుకోవచ్చు. పదో తరగతి మెమోలో పేరెలా ఉంది, బ్యాంకు పాస్‌బుక్కులో ఎలా ఉంది అన్నదీ అక్కర్లేదు. చూడాల్సింది పాస్‌పోర్టులో ఫోటో ఉన్న పేజీ ఒక్కటే. ఆ పేజీలో అక్షరం తప్పుగా ఉన్నా, ప్రయాణం వరకు అదే మీ పేరు.

ఎందుకింత పట్టింపు అంటే, టికెట్‌పై పేరును పాస్‌పోర్టుతో పోల్చి చూసేది ఒక్కరే కాదు. శంషాబాద్‌లో టెర్మినల్ తలుపు దగ్గర సీఐఎస్ఎఫ్ జవాను చూస్తాడు. తర్వాత ఎయిర్‌లైన్ కౌంటర్, ఆ తర్వాత ఇమిగ్రేషన్. వీళ్లందరికంటే ముందే ఎయిర్‌లైన్ మీ పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు మీరు దిగబోయే దేశానికి పంపిస్తుంది. అమెరికాకైతే విమానం బయల్దేరడానికి 72 గంటల ముందు నుంచే పేర్ల తనిఖీ నడుస్తుంది. ఆ దేశం మిమ్మల్ని రానివ్వకపోతే తిరిగి తీసుకురావాల్సింది ఆ ఎయిర్‌లైనే, చాలా దేశాల్లో జరిమానా కట్టాల్సిందీ అదే. అందుకే కౌంటర్‌లో కూర్చున్న అమ్మాయి ఒక్క అక్షరం దగ్గర ఆగిపోతుంది. ఆమె మీద కోపం తెచ్చుకుని ప్రయోజనం లేదు.

సమస్య: టికెట్‌పై పేరు కలిసిపోయింది, చివర ఏవో అక్షరాలు చేరాయి, లేదా సగమే కనిపిస్తోంది

ఇది తప్పు కాదు. అయినా మాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ దీని గురించే. ఉదాహరణకు పాస్‌పోర్టులో `Surname` దగ్గర `VADLAKONDA`, `Given Name(s)` దగ్గర `SREENIVAS REDDY` అని ఉందనుకుందాం. ఆ పేజీ అడుగున యంత్రం చదివే రెండు వరుసల్లో మొదటిది ఇలా ఉంటుంది:

```
P<INDVADLAKONDA<<SREENIVAS<REDDY<<<<<<<<<<<<
```

రెండు గుర్తులు జంటగా ఉన్నచోట ఇంటిపేరు ముగిసి అసలు పేరు మొదలవుతుంది. ఒక్క గుర్తు ఉంటే అది ఖాళీ చోటు. ఏది ఇంటిపేరో, ఏది పేరో అన్న సందేహం తీర్చేది ఈ వరుసే. టికెట్ వ్యవస్థ మాత్రం ఆ ఖాళీ చోట్లను ఉంచదు. పేరు చివర మిస్టర్, మిసెస్ అన్న గుర్తింపును కూడా అతికిస్తుంది:

```
VADLAKONDA/SREENIVASREDDYMR
```

బోర్డింగ్ పాస్ బార్‌కోడ్‌లో పేరుకు ఇరవై అక్షరాల చోటే ఉంటుంది. గీతతో కలిపి లెక్కపెడితే `VADLAKONDA/SREENIVAS` దగ్గరికే ఇరవై నిండిపోతాయి, రెడ్డి రాలిపోతుంది. చాలా బోర్డింగ్ పాస్‌ల మీద అచ్చయ్యేదీ అంతే. వ్యవస్థలో పూర్తి పేరు ఉంటే చాలు, దీనికి పైసా ఖర్చు పెట్టనక్కర్లేదు.

సమస్య: ఒకటి రెండు అక్షరాలు తేడా వచ్చాయి

పాస్‌పోర్టులో `SREENIVAS`, టికెట్‌లో `SRINIVAS`. అక్కడ `LAXMI`, ఇక్కడ `LAKSHMI`. `GOUD` ఉన్నచోట `GOWD`. మనం తెలుగులో పలికే పేరును టికెట్ చేసేవారు ఎవరి అలవాటు ప్రకారం వారు ఇంగ్లీషులో రాస్తారు, కారణం అంతే. పాస్‌పోర్టులో `MD` అని రెండే అక్షరాలుంటే, టికెట్ చేసేవారు మర్యాద కొద్దీ దాన్ని `MOHAMMED` అని విప్పి రాయడం కూడా మా వైపు మామూలే. విప్పకూడదు. పాస్‌పోర్టులో పొట్టిగా ఉంటే టికెట్‌లోనూ పొట్టిగానే ఉండాలి.

దీన్ని సరిచేయడం తేలికే కానీ కాలం ముఖ్యం. ఎయిర్‌లైన్ సొంత వెబ్‌సైట్‌లో టికెట్ కొని, 24 గంటల్లోపు తప్పు చూపిస్తే, అదే మనిషి పేరును సరిచేయడానికి రుసుము తీసుకోకూడదని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ఉంది. ఆ గడువు దాటితే ఎయిర్‌లైన్ ఇష్టం. చాలా ఎయిర్‌లైన్లు మూడు అక్షరాల వరకు దిద్దుబాటుగా ఒప్పుకుంటాయి. అంతకు మించితే అది పేరు మార్పు కింద లెక్క. టికెట్‌ను ఒకరి నుంచి మరొకరికి మార్చే వీలు లేదు కాబట్టి, రద్దు చేసుకుని కొత్తది కొనుక్కోమంటారు. మీరు అడిగేటప్పుడు కూడా ‘పేరు మార్చాలి’ అనకండి. ‘అదే ప్రయాణికుడు, అక్షరదోషం సరిచేయాలి’ అని చెప్పి పాస్‌పోర్టు పేజీ కాపీ పంపండి. మొదటి మాట వినగానే ఫోన్‌లో అవతలివారు రద్దు ఛార్జీలు చదవడం మొదలుపెడతారు.

ఏజెంటు దగ్గర కొంటే ఎయిర్‌లైన్‌కు ఫోన్ చేసి లాభం తక్కువ. ఎవరు జారీ చేశారో వారే ముట్టుకోవాలి. అదే రోజు కనిపెడితే చాలాసార్లు ఏజెంటు ఆ టికెట్‌నే చెల్లకుండా చేసి కొత్తది ఇవ్వగలడు. అందుకే టికెట్ చేతికి రాగానే, కౌంటర్ దగ్గర నిలబడే, పాస్‌పోర్టు పక్కన పెట్టి అక్షరం అక్షరం చదువుకోవాలి.

సమస్య: పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది

అసలు చిక్కు ఇక్కడే. మన జిల్లాల్లో, ముఖ్యంగా పెద్దవాళ్ల పాస్‌పోర్టుల్లో, ఇంటిపేరూ పేరూ కలిపి మొత్తం `Given Name(s)` లోనే పడి ఉంటాయి. దరఖాస్తు నింపినవారు అలా నింపారు. దేశం దాటేదాకా దాంతో ఏ ఇబ్బందీ లేదు. కానీ టికెట్ కొనే పేజీలో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలితే ముందుకు కదలదు.

మిర్యాలగూడ నుంచి ఒక అమ్మ డాలస్‌లో ఉన్న కూతురి దగ్గరికి బయల్దేరిందనుకుందాం. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఖాళీ, పేరు దగ్గర `PASUNURI YADAMMA`. అమెరికా వీసాలో ఇలాంటి పేరు మొత్తం ఇంటిపేరు గడిలోకి వెళ్తుంది, పేరు గడిలో `FNU` అని వస్తుంది. మొదటి పేరు తెలియదని దాని అర్థం. ఇంట్లో అందరూ దాన్ని చూసి కంగారు పడతారు, అది మామూలే. కొడుకు మాత్రం తనకు తెలిసిన పద్ధతిలో పసునూరి ఇంటిపేరుగా, యాదమ్మ పేరుగా ఆన్‌లైన్‌లో టికెట్ కొన్నాడు. మనుషులు చదివితే తప్పేమీ కనిపించదు. ప్రయాణం ముందురోజు ఆన్‌లైన్ చెకిన్ మాత్రం ‘విమానాశ్రయ కౌంటర్‌ను సంప్రదించండి’ అంటూ మొరాయించింది. పాస్‌పోర్టులో లేని ఇంటిపేరు టికెట్‌లో ఉంది కదా.

“పేరు అదే కదా బాబూ, ముందుదీ వెనకదీ అయితే ఏమైంది?” అని అడుగుతుందా అమ్మ. చాలాసార్లు నిజంగానే ఏమీ కాదు. పేరూ ఇంటిపేరూ తారుమారైన టికెట్లను చాలా ఎయిర్‌లైన్లు, అక్షరాలన్నీ అవే ఉంటే, పి.ఎన్.ఆర్.లో ఒక గమనిక రాసి పంపించేస్తాయి. కానీ అది వారి దయ మీద ఆధారపడిన విషయం. దారిలో విమానం మారి రెండో ఎయిర్‌లైన్ ఎక్కాల్సి ఉంటే, మొదటివారు రాసిన గమనిక రెండోవారికి కనిపించకపోవచ్చు. అమెరికా ప్రయాణంలో నేనైతే గమనికతో సరిపెట్టుకోమని చెప్పను.

సరిచేసే వరుస ఇది. టికెట్ అమ్మిన సైటుకు పాస్‌పోర్టు పేజీ, వీసా పేజీ రెండూ పంపి, ఇంటిపేరు గడిలో మొత్తం పేరు, పేరు గడిలో `FNU` ఉండేలా దిద్దమని అడగాలి. కొన్ని ఎయిర్‌లైన్లు `FNU` బదులు అదే పేరును రెండు గడుల్లోనూ రాయమంటాయి. ఆ ఎయిర్‌లైన్ పద్ధతి ఏదో చాట్‌లోనో ఈమెయిల్‌లోనో రాతపూర్వకంగా తీసుకుని, దాని ప్రకారమే చేయించాలి. ఫోన్‌లో ‘ఏం ఫర్వాలేదండి’ అన్న మాట శంషాబాద్ కౌంటర్‌లో పనికిరాదు. దిద్దుబాటు పూర్తయ్యాక చాలాసార్లు టికెట్ నంబరు మారుతుంది. పాత కాగితం చించేసి కొత్తది అచ్చు తీసుకోవాలి. తర్వాత బుకింగ్‌లో పాస్‌పోర్టు వివరాలు నింపే పేజీని విడిగా తెరిచి చూడండి. టికెట్ మీది పేరు ఒకచోట, విదేశానికి పంపే పాస్‌పోర్టు వివరాలు ఇంకొకచోట ఉంటాయి. ఒకటి దిద్దితే రెండోది దానంతట అది మారదు. మధ్యలో ఒక పదం టికెట్‌లో తప్పిపోయిన సందర్భాల్లో, ఈ రెండో చోట పూర్తి పేరు నింపితే చాలావరకు గట్టెక్కవచ్చు.

గల్ఫ్‌కు వెళ్లే పాలమూరు వారికి ఇంకొకటి. పాస్‌పోర్టు మొత్తం మీద ఒకే ఒక్క పదం పేరుగా ఉంటే, యూఏఈ 2022 నవంబరు నుంచి విజిట్ వీసాల మీద అలాంటివారిని రానివ్వడం లేదు. తండ్రి పేరు చూపితే చాలన్న సడలింపు, దిగాక వీసా తీసుకునేవారికే వర్తించింది. దీన్ని టికెట్‌లో ఎంత దిద్దినా లాభం లేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలోని పోస్టాఫీసు పాస్‌పోర్టు కేంద్రాల ద్వారా ఇంటిపేరు చేర్పించి పాస్‌పోర్టు మళ్లీ తీసుకోవాల్సిందే. ముందు పాస్‌పోర్టు, తర్వాత వీసా, ఆఖరున టికెట్. చేతిలో చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్నవాళ్లు మాత్రం తొందరపడి పాస్‌పోర్టులో పేరు మార్పించుకుంటే, వీసా మీద ఒక పేరు, పాస్‌పోర్టు మీద ఇంకొకటి అయి కొత్త తలనొప్పి మొదలవుతుంది.

సమస్య: పెళ్లయ్యాక ఇంటిపేరు మారింది

పాస్‌పోర్టులో పుట్టింటి పేరుంటే టికెట్ పుట్టింటి పేరు మీదే తీయాలి. పెళ్లి ధ్రువపత్రం సంచిలో ఉంచుకోండి, అయితే దాన్ని చూపించి టికెట్ తేడాను కప్పిపుచ్చవచ్చని అనుకోకండి.

సమస్య: తప్పు విమానాశ్రయంలో బయటపడింది

చెకిన్ వరుసలో వాదిస్తూ నిలబడితే సమయం పోతుంది. నేరుగా ఆ ఎయిర్‌లైన్ టికెట్ కౌంటర్‌కు వెళ్లండి, దిద్దే అధికారం ఉండేది అక్కడే. ఏజెంటు టికెట్ అయితే అదే సమయంలో ఇంకొకరు ఏజెంటుకు ఫోన్ చేస్తూ ఉండాలి. రాత్రి రెండింటికి విమానం ఉంటే ఏజెంటు ఫోన్ ఎత్తుతాడా లేదా అన్నది టికెట్ కొనేటప్పుడే ఆలోచించాల్సిన సంగతి. ఏదీ కుదరక విమానం వెళ్లిపోతే టికెట్ డబ్బు పోవచ్చు కానీ, అందులోని ప్రభుత్వ పన్నులు, విమానాశ్రయ రుసుములు తిరిగి ఇవ్వాలి. అవి ఎంతో టికెట్‌పై విడిగా రాసి ఉంటాయి. అడిగితేనే వస్తాయి.