పిల్లవాడు స్ప్రింటరా, దూరపు పరుగుకు తగినవాడా? మైదానంలోనే తేల్చుకునే విధానం

పాఠశాల పోటీలకు జట్టును ఎంపిక చేసేటప్పుడు వంద మీటర్లలో వెనకబడిన వాణ్ణి పదిహేను వందల మీటర్లకు పంపడం చాలాచోట్ల జరిగే పని. ఈ పద్ధతి వల్ల ఇద్దరికి అన్యాయం జరుగుతుంది. నిజంగా దూరపు పరుగుకు పుట్టినవాడు మిగిలిపోయిన వాడిగా లెక్కకు వస్తాడు, ఇంకా ఎదుగుదల రాని స్ప్రింటర్ తనది కాని పరుగులో ఏళ్లు గడుపుతాడు. ఒక స్టాప్‌వాచ్, కొలిచి గీసిన 60 మీటర్ల గీత, రెండు వారాల ఓపిక ఉంటే ఈ తేడాను చాలావరకు పసిగట్టవచ్చు.

ముందుగా కండరంలో ఏముందో తెలుసుకోవాలి. కోడిని కోసినప్పుడు రొమ్ము మాంసం తెల్లగా, కాలి మాంసం ముదురు రంగులో ఉండటం అందరూ చూసేదే. రోజంతా తిరిగే కాలిలో నిదాన తంతువులు ఎక్కువ. వాటికి రక్తనాళాలు, ఆక్సిజన్‌ను పట్టి ఉంచే మయోగ్లోబిన్, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా దండిగా ఉంటాయి కాబట్టి అవి ఎర్రగా ఉంటాయి, త్వరగా అలసిపోవు. రెక్కలను ఒక్కసారిగా ఆడించి గోడ మీదికి ఎగిరే రొమ్ము కండరంలో వేగపు తంతువులు ఎక్కువ. అవి చురుగ్గా ముడుచుకుని పెద్ద బలాన్ని ఇస్తాయి గాని, నిల్వ ఉన్న ఇంధనాన్ని క్షణాల్లో కరిగించేస్తాయి. మనిషిలో ఈ రెండు రకాలూ ఒకే కండరంలో కలిసే ఉంటాయి. సాధారణ వ్యక్తి తొడ కండరంలో అవి సుమారు సగం సగం ఉంటే, మేటి మారథాన్ పరుగువీరులలో నిదాన తంతువులదీ, మేటి స్ప్రింటర్లలో వేగపు తంతువులదీ పైచేయి.

ఈ నిష్పత్తిని నేరుగా తెలుసుకోవాలంటే తొడలోకి సూది దించి చిన్న ముక్క తీయాలి, పిల్లలకు అది తగదు. అందువల్ల తంతువులను కాకుండా అవి ప్రవర్తించే తీరును కొలుస్తాము.

మొదటి దశ: విడి పరుగు

పదిహేను నిమిషాలు ఒళ్లు వేడెక్కించాక నిలబడిన చోటు నుంచి 60 మీటర్లు రెండుసార్లు పరుగెత్తించి, మంచి సమయాన్ని రాసుకోవాలి. మధ్యలో ఆరేడు నిమిషాల విశ్రాంతి తప్పనిసరి. చేతి గడియారంలో కొంత తేడా ఎప్పుడూ వస్తుంది కాబట్టి పిల్లలందరికీ ఒకే వ్యక్తి సమయం చూడాలి. మూడు రోజుల తరువాత 2400 మీటర్లు పరుగెత్తించాలి.

తొమ్మిదో తరగతి చదివే ఇద్దరిని ఉదాహరణగా అనుకుందాం. ఒకడు 60 మీటర్లను 8 సెకన్లలో, 2400 మీటర్లను 12 నిమిషాలలో ముగించాడు. అంటే విడి పరుగులో వంద మీటర్లకు 13.3 సెకన్లు, దూరపు పరుగులో 30 సెకన్లు పట్టింది. రెండోది మొదటిదానికి రెండుంబావు రెట్లు. రెండోవాడు 60 మీటర్లకు 9 సెకన్లు, 2400 మీటర్లకు 9 నిమిషాల 36 సెకన్లు తీసుకున్నాడు. అతనికి వంద మీటర్లకు 15 సెకన్లు, 24 సెకన్లు పడ్డాయి, అంటే 1.6 రెట్లు మాత్రమే. ఈ నిష్పత్తి ఎంత తక్కువైతే దూరపు పరుగు వైపు అంత మొగ్గు ఉన్నట్టు. అయితే దూరం పరుగెత్తే అలవాటు అసలే లేని పిల్లవాడికి కూడా నిష్పత్తి పెద్దగా వస్తుంది. కనుక దీని ఒక్కదాని మీదే నిర్ణయం తీసుకోకూడదు.

రెండో దశ: అలసట పరీక్ష

నా దృష్టిలో అన్నింటికంటే ఎక్కువ చెప్పేది ఈ పరీక్షే. 40 మీటర్లను ఎనిమిదిసార్లు పూర్తి వేగంతో పరుగెత్తించాలి. ప్రతి 30 సెకన్లకు ఒక పరుగు మొదలవ్వాలి. మన మొదటి కుర్రవాడు 5.6 సెకన్లతో మొదలై ఎనిమిదో పరుగుకు 6.5కు పడిపోయాడనుకుందాం, అంటే 16 శాతం నష్టం. రెండోవాడు 6.2తో మొదలై 6.4తో ముగించాడు, అంటే 3 శాతమే. వేగపు తంతువులు ఎక్కువ ఉన్నవాడే ఇలా నిటారుగా పడిపోతాడు.

కోలుకోవడంలో తేడా ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో మూడు విడతలుగా సైకిల్‌ను పూర్తి బలంతో తొక్కించినప్పుడు, నిదాన తంతువుల వారు ఇరవై నిమిషాలలో తేరుకోగా, వేగపు తంతువుల వారు ఐదు గంటల తరువాత కూడా పూర్తిగా తేరుకోలేదు. అందుకే అరగంట ఆగి మరొక్క 40 మీటర్లు పరుగెత్తించాలి. రెండోవాడు మళ్లీ 6.2కు వచ్చి, మొదటివాడు 5.9 దగ్గరే ఆగితే అనుమానం దాదాపు తీరినట్టే.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. ఎనిమిది పరుగులున్నాయని తెలిసిన పిల్లవాడు మొదట్లో బలం దాచుకుంటాడు, అప్పుడు ఎంతటి స్ప్రింటరైనా అలసట లేనివాడిలా కనిపిస్తాడు. ముందు రోజుల్లో అతని విడి 40 మీటర్ల సమయాన్ని తీసి ఉంచాలి. మొదటి పరుగు దానికంటే 5 శాతానికి మించి నెమ్మదిగా ఉంటే పరీక్షను ఆపి మరో రోజు పెట్టాలి.

మూడో దశ: శరీర నిర్మాణం

ఎత్తు చూసి నిర్ణయించడం మోసం చేస్తుంది. 2009లో బెర్లిన్‌లో 9.58 సెకన్ల రికార్డు పెట్టిన ఉసేన్ బోల్ట్ ఎత్తు 1.95 మీటర్లు, కాని అతని కంటే చాలా పొట్టివారు కూడా ఒలింపిక్ స్ప్రింట్ పతకాలు గెలిచారు. చూడవలసింది బరువు ఎక్కడ ఉందన్నది. పూర్తి వేగంలో స్ప్రింటర్ పాదం నేల మీద సెకనులో పదో వంతు మాత్రమే ఉంటుంది. అంత తక్కువ సమయంలో నేలను బలంగా తన్నాలి కాబట్టి పిరుదులు, తొడ వెనుక కండరాలు దట్టంగా ఉండటం అతనికి లాభం. దూరపు పరుగులో వేల అడుగుల పాటు అదే కాలిని ముందుకు ఊపాలి. పిక్క, పాదం సన్నగా తేలిగ్గా ఉంటే ప్రతి అడుగుకూ శక్తి ఆదా అవుతుంది. బూటుకు వంద గ్రాముల బరువు పెరిగితేనే ఆక్సిజన్ ఖర్చు సుమారు ఒక శాతం పెరుగుతుందని ప్రయోగాలు చూపాయి. మారథాన్‌లో మేటి అయిన ఎలియుద్ కిప్చోగే సన్నని పిక్కలు ఇందుకు కనిపించే సాక్ష్యం. చిన్న శరీరం వేడిని కూడా త్వరగా వదులుకుంటుంది, మన ఎండల్లో అది చిన్న విషయం కాదు.

పదమూడు నుంచి పదిహేనేళ్ల మధ్య ఈ దశను చాలా జాగ్రత్తగా చదవాలి. తోటివారికంటే ముందు ఎదిగిన కుర్రవాడు కండబలం వల్లే అందరినీ దాటేసి స్ప్రింటర్‌గా కనిపిస్తాడు, రెండేళ్లలో మిగతావారు అందుకుంటారు. ప్రతి మూడు నెలలకూ ఎత్తు కొలిచి, పెరుగుదల వేగం తగ్గాక పరీక్షలన్నీ మళ్లీ చేయాలి.

నాలుగో దశ: ఫలితాన్ని సాధనలో పరీక్షించడం

ఎనిమిది వారాల సాధన పెట్టాక మళ్లీ కొలిస్తే అసలు మొగ్గు బయటపడుతుంది. మొదటివాడికి వారానికి రెండు రోజులు, 60 మీటర్లు ఐదుసార్లు, ప్రతి పరుగుకూ మధ్య ఐదారు నిమిషాల విశ్రాంతి, రెండు సాధనల మధ్య కనీసం రెండు రోజుల ఎడం చాలు. ఇలాంటి పిల్లవాణ్ణి అందరితో కలిపి రోజూ పొద్దున్నే ఐదు కిలోమీటర్లు పరుగెత్తిస్తే కాళ్లు బరువెక్కుతాయి, నిలబడి దూకే దూరం తగ్గుతుంది, 60 మీటర్ల సమయం పెరుగుతుంది. ఈ మూడూ కలిసి కనిపిస్తే దోషం పిల్లవాడిది కాదు, సాధనది. రెండోవాడికి పక్కవాడితో మాట్లాడగలిగేంత నిదానమైన పరుగే ఎక్కువ భాగం కావాలి, దూరాన్ని వారం వారం కొద్దికొద్దిగా పెంచాలి.

సాధన వల్ల వేగపు తంతువుల్లో అతి చురుకైనవి కొన్ని ఓర్పు కలిగిన వేగపు తంతువులుగా మారతాయి, కాని నిదాన తంతువు వేగపు తంతువుగా మారడం చాలా అరుదు. కాబట్టి దూరపు పరుగువాణ్ణి స్ప్రింటర్‌గా మార్చే ప్రయత్నం ఎక్కువ ఫలించదు. నిష్పత్తి రెండు రెట్ల దగ్గరా, అలసట ఎనిమిది తొమ్మిది శాతం దగ్గరా తేలిన పిల్లవాణ్ణి ఏ వైపూ తోయకుండా 400, 800 మీటర్లలో ఒక ఏడాది పరుగెత్తించి చూడాలి.