ఐదు కోట్లు వచ్చాయన్న స్టార్టప్‌లో ఒకటిన్నర కోటే కనిపిస్తే

మే నెలాఖరులో, తోతాపురి కోతలు మొదలయ్యే ముందు, చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ నడిపే ఒకాయన తిరుపతిలోని మా ఆడిట్ ఆఫీసుకు వచ్చాడు. ఒక జ్యూస్ స్టార్టప్ ఆయన్ను 30 లక్షల సరుకు 60 రోజుల అరువుకు అడిగింది. దానికి సిరీస్ ఏ అనే పెట్టుబడి రౌండ్‌లో 5 కోట్లు వచ్చాయన్న ఫిబ్రవరి నాటి వార్తను ఫోన్‌లో చూపించాడు. "మా అల్లుడు గవర్నమెంటు సైట్‌లో చూస్తే కంపెనీ పెట్టుబడి 2 లక్షలే ఉందంట సామీ. ఎవరిని నమ్మేది?" అన్నాడు. అల్లుడు తప్పు చూడలేదు, కానీ చూసినదాన్ని తప్పుగా చదివాడు. వార్త కూడా పూర్తి అబద్ధం కాదు.

సమస్య: వార్తలో కోట్లు, ఎంసీఏ సైట్‌లో 2 లక్షలు

కారణం: ఎంసీఏ అంటే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ. దాని సైట్‌లో కంపెనీ ప్రాథమిక వివరాలు చూపే మాస్టర్ డేటాలో కనిపించే పెయిడప్ క్యాపిటల్‌లో షేర్ల ముఖ విలువ మాత్రమే ఉంటుంది. ఇన్వెస్టరు 10 రూపాయల షేరును 7,500కు కొంటే అక్కడ చేరేది 10 రూపాయలే. మిగతా 7,490 ప్రీమియం కింద బ్యాలెన్స్ షీట్‌లోకి వెళ్తుంది. ఈ ఒక్క అంకె చూసి కంపెనీని తీసిపారేసినవాళ్లను చాలామందినే చూశాను.

ఏం చేయాలి: ఎంసీఏలో లాగిన్ అయి, View Public Documents లో 100 రూపాయలు కట్టి ఆ కంపెనీ కాగితాలు తెరవాలి. మొదట చూడాల్సింది PAS-3. కొత్త షేర్లు ఎవరికి, ఎన్ని, ఏ ధరకు ఇచ్చారో చెప్పే ఫారం అది. ప్రైవేట్ ప్లేస్‌మెంట్‌లో, అంటే ఎంచుకున్న కొద్దిమందికే, షేర్లు కేటాయించిన 15 రోజుల్లోపు దాన్ని వేయాలి. వేసేదాకా ఆ డబ్బు ముట్టుకోకూడదని కంపెనీల చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. అందుకే డబ్బు అవసరం ఉన్న కంపెనీ దీన్ని నాన్చదు. నేను వార్త కంటే దీన్ని ఎక్కువ నమ్మడానికి అదే కారణం.

మన జ్యూస్ కంపెనీకి జనవరి తేదీతో ఒకే PAS-3 దొరికింది. 2,000 ప్రిఫరెన్స్ షేర్లు, ఒక్కోటి 7,500. అంటే 1.5 కోట్లు. అంతకుముందు ఉన్న 18,000 షేర్లతో కలిపితే మొత్తం 20,000. దీన్ని 7,500తో గుణిస్తే రౌండ్ తర్వాత కంపెనీ విలువ 15 కోట్లు, కొత్తవాళ్ల వాటా 10 శాతం. ముఖ విలువ లెక్కన 20,000 షేర్లకు వచ్చేది సరిగ్గా అల్లుడు చూసిన 2 లక్షలే.

సమస్య: PAS-3లన్నీ కలిపినా వార్తలోని మొత్తం రాదు

కారణాలు చాలా ఉంటాయి. ఇక్కడ మూడు కలిసి వచ్చాయి, మూడింటికీ మూడు చోట్ల వెతకాల్సి వచ్చింది.

మొదటిది అప్పు. సైట్‌లోనే చార్జీల జాబితా ఉంటుంది. ఏ ఆస్తిని తాకట్టు పెట్టి ఎవరి దగ్గర ఎంత తీసుకున్నారో అందులో తెలుస్తుంది. అందులో ఒక ఫైనాన్స్ కంపెనీ పేరున ఫిబ్రవరిలో 2 కోట్ల చార్జీ కనిపించింది. వార్తలో దాన్ని కూడా నిధుల్లో కలిపేశారు. వడ్డీతో తిరిగి కట్టాల్సిన డబ్బు అది. పైగా కంపెనీ మునిగితే తాకట్టు పెట్టిన ఆస్తి మీద మొదటి హక్కు వాళ్లది, గుజ్జు ఇచ్చినవాడు ఆ తర్వాతే. గుజ్జు ఫ్యాక్టరీ అన్నకు ఈ వరుస అర్థమయ్యాక కాసేపు నోట మాట రాలేదు. ఒక జాగ్రత్త: తాకట్టు లేని అప్పు ఈ జాబితాలో రాదు.

రెండోది పాత డబ్బు. కిందటేడు మార్చి నాటి బ్యాలెన్స్ షీట్, అంటే AOC-4 ఫారంలో, 50 లక్షల కన్వర్టిబుల్ నోట్లు, అంటే తర్వాత షేర్లుగా మార్చుకునే అప్పు పత్రాలు, ఉన్నాయి. నోటు షేరుగా మారేదాకా PAS-3 రాదు కాబట్టి అది అప్పుల వరుసలో కూర్చుని ఉంటుంది. ఏడాది కిందటే వచ్చిన, బహుశా ఖర్చు కూడా అయిపోయిన ఆ డబ్బును కొత్త రౌండ్ లెక్కలో వేశారు. రేపు అది షేర్లయితే నేను లెక్కగట్టిన కొత్తవాళ్ల 10 శాతం కూడా తగ్గుతుంది.

ఇక మిగిలింది కోటి. దాని జాడ ఎక్కడా లేదు. షేర్ల కోసం డబ్బు తీసుకున్నాక 60 రోజుల్లో కేటాయించాలి, ఆ తర్వాత 15 రోజుల్లో ఫారం వేయాలి. కాబట్టి వార్త వచ్చి 75 రోజులు దాటినా ఫారం లేకపోతే, ఆ డబ్బు అప్పటికి చేతికి రాలేదనే నేను అనుకుంటాను. ఫౌండర్‌ను అడిగితే దాచలేదు. అమ్మకాలు ఒక స్థాయికి చేరితే ఇస్తామన్న రెండో విడత అది. ఇలాంటి షరతులు మామూలే. ఒప్పుకున్నదాన్ని వచ్చినట్టు రాయడమే తేడా.

సమస్య: వార్తలో చెప్పిన ఇన్వెస్టరు పేరు జాబితాలో లేదు

కారణం: చాలా ఫండ్లు ట్రస్టులుగా ఉంటాయి. షేర్లు ట్రస్టీ కంపెనీ పేరున రాస్తారు, కాబట్టి వార్తలో వాడిన పేరు కనిపించకపోవచ్చు. PAS-3కు జతచేసిన జాబితాలో ఆ వరుసను చివరిదాకా చదివితే ఏ ఫండ్ తరఫునో సాధారణంగా ఉంటుంది. ఆ ఫండ్ పేరును సెబీ సైట్‌లోని ఏఐఎఫ్, అంటే ప్రత్యామ్నాయ పెట్టుబడి ఫండ్ల, జాబితాలో వెతకాలి. మన కేసులో ఫండ్ రిజిస్టర్ అయినదే, 1,400 షేర్లు తీసుకుంది. మిగతావి ఒక ఎల్‌ఎల్‌పీకి, ఇద్దరు వ్యక్తులకు వెళ్లాయి. ఆ జాబితాలో వ్యక్తుల ఇంటి చిరునామాలు కూడా ఉంటాయి. పని అయ్యాక వాట్సాప్‌లో తిప్పకండి.

కంపెనీ ఏటా వేసే రిటర్న్ MGT-7. ఇన్వెస్టరు పేరు దాని వాటాదార్ల జాబితాలో ఉండి PAS-3లో లేకపోతే పాత వాటాదారు దగ్గర కొన్నట్టు. ఆ డబ్బు అమ్మినవాడి జేబులోకి వెళ్తుంది, కంపెనీలోకి కాదు. అయితే MGT-7 మార్చి 31 నాటి ఫొటో మాత్రమే. మామూలుగా నవంబరు చివర్లో గానీ రాదు, కాబట్టి మే నెలలో చేతికి దొరికేది 14 నెలల కిందటిది.

దాదాపు షేర్లన్నీ ఒక సింగపూర్ కంపెనీ పేరునే ఉంటే ఇన్వెస్టర్లు అక్కడి మాతృసంస్థలో ఉంటారు. ఇక్కడి కాగితాలు ఎంత తిరగేసినా వాళ్లు కనబడరు. అక్కడి రిజిస్ట్రీ అయిన ఏక్రాలో డబ్బు కట్టి చూడాల్సిందే.

సమస్య: ఒకచోట సీడ్, ఇంకోచోట సిరీస్ ఏ

సీడ్ అంటే తొలి దశ పెట్టుబడి, సిరీస్ ఏ అంటే దాని తర్వాతి రౌండ్. కానీ సిరీస్ ఏ అన్న మాటకు చట్టంలో అర్థం లేదు. ఎవరికి నచ్చినట్టు వాళ్లు పిలుచుకుంటారు. కానీ లాయర్లు షేర్ల తరగతికి ఒక పేరు పెడతారు, అది కంపెనీ అంతర్గత నియమావళి అయిన ఆర్టికల్స్‌ సవరించిన కాపీలో ఉంటుంది. కంపెనీ తీర్మానాలను దాఖలు చేసే MGT-14 ఫారంకు జతగా ఆ కాపీ దొరుకుతుంది. జ్యూస్ కంపెనీ ఆర్టికల్స్‌లో ఉన్నది "సీడ్ సీసీపీఎస్". సీసీపీఎస్ అంటే తప్పనిసరిగా మామూలు షేర్లుగా మారే ప్రిఫరెన్స్ షేర్లు. దాంతో నాకు స్టేజి తేలిపోయింది.

క్రంచ్‌బేస్, ట్రాక్సన్ లాంటి డేటాబేస్‌లను నేను పేర్లు, తేదీలు పట్టుకోవడానికే వాడతాను. వార్తలోని అంకె తప్పయితే అక్కడా తప్పే పడే అవకాశం ఉంది. మూడు సైట్లు ఒకే మాట చెప్పినా మూలం ఆ ఒక్క వార్తే కావచ్చు. ఒకే పేరున్న రెండు కంపెనీలు కలిసిపోవడం కూడా చూశాను. అందుకే బ్రాండు పేరుతో కాకుండా బిల్లు మీదో వెబ్‌సైట్ అడుగునో ఉండే 21 అక్షరాల కంపెనీ గుర్తింపు సంఖ్య CIN తో వెతకాలి.

చివరికి కాగితం మీద తేలింది ఇది: కొత్తగా వచ్చిన వాటా డబ్బు 1.5 కోట్లు, తాకట్టు అప్పు 2 కోట్లు. జనవరి తర్వాత అందులో ఎంత ఖర్చయిందో ఏ ఫారమూ చెప్పదు, దానికి మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ అడగమన్నాను. అన్న అడిగాడు, వాళ్లు ఇచ్చారు. సగం అడ్వాన్సు, మిగతాది 30 రోజులకు బేరం కుదిరి, జూన్ రెండో వారంలో మొదటి లోడు బయల్దేరింది.